గ్యాప్ ఎన్నేండ్లని గాదు.. ఎప్పుడొచ్చిందని అడుగుతది రూలు

ఇంటర్ అయినంక రెండేండ్లు సదువు ఆపి, మల్ల కాలేజీకి పోత అన్న పిల్లలకు ఊర్ల మొదలు వినవడే మాట ఒక్కటే. "గ్యాప్ వచ్చింది గదా, ఇగ సీటెవరిస్తరు?" ఈ మాట అనేటోళ్లు రూలు సదివి అనరు. ఎవలో అన్నది విని అంటరు. ఆ ఒక్క మాటకే అప్లికేషన్ పెట్టకుండ ఆగిపోయిన పిల్లలను నేను మస్తు మందిని చూసిన. మరో దిక్కు, గ్యాప్ ఏం చేయదులే అని ధీమాగ పోయి, సర్టిఫికెట్ వెరిఫికేషన్ కాడ ఒక్క కాయితం లేక నాన్ లోకల్ కింద పడ్డోళ్లను గూడ చూసిన.

నేను పెద్ద కాలేజీల సదివినోణ్ని గాదు. పిల్లల ఫీజుల కోసం, హాస్టళ్ల కోసం తిరుగుడుల జీవోలు, కౌన్సెలింగ్ పుస్తకాలు సొంతంగ సదువుకున్న. అట్ల సదివినంక నాకు సమజైంది ఏందంటే, మన రాష్ట్రంల అడ్మిషన్ రూలు గ్యాప్‌ను తప్పుగ చూడదు. ఎన్నేండ్ల గ్యాప్ అని గూడ పెద్దగ పట్టించుకోదు. ఆ గ్యాప్ ఏ పరీక్షకు ముందు వచ్చింది, ఏ పరీక్ష తర్వాత వచ్చింది అన్నదే చూస్తది. ఈ తేడా తెలిస్తే సగం భయం పోతది. తెల్వకపోతే రావలసిన సీటు గూడ పోతది.

తలుపులు అన్నీ ఒక్క తీరుగ ఉండవు

ముందుగాల ఎక్కడ గ్యాప్ నడుస్తది, ఎక్కడ నడవదు అన్నది చూద్దాం. తెలంగాణ ఎప్‌సెట్ రాయాలంటే ఇంటర్ ఫలానా సంవత్సరంలనే పాసయి ఉండాలె అన్న షరతు లేదు. ఇంజినీరింగ్‌కు ఆ ఏడు డిసెంబర్ 31 నాటికి 16 ఏండ్లు నిండి ఉండాలె. పై వయసుకు హద్దు లేదు. ఇంటర్ల గ్రూపు సబ్జెక్టుల 45 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 40 శాతం మార్కులు ఉంటే చాలు. ఐదేండ్ల కింద పాసయినోడు గూడ రాయొచ్చు.

డాక్టర్ సీటు కోసం రాసే నీట్‌ల గూడ అంతే. 17 ఏండ్లు నిండాలె. పై వయసు హద్దును 2022ల తీసేసిన్రు. ఎన్నిసార్లు రాయాలె అన్న లెక్క లేదు. అందుకే లాంగ్ టర్మ్ కోచింగులు గింత జోరుగ నడుస్తున్నయి.

గడియారం పెట్టుకొని కూసున్నది జేఈఈ ఒక్కటే. జేఈఈ మెయిన్‌కు ఇంటర్ పాసయిన ఏడు, దాని తర్వాత రెండేండ్లు, మొత్తం మూడేండ్లే ఛాన్సు. 2023ల ఇంటర్ పాసయినోళ్లకు 2025తోటి ఆ తలుపు మూసుకుంది. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు ఇంకా తక్కువ, వరుసగ రెండేండ్లల్ల రెండుసార్లే. ఇండ్ల ఒక మెలిక ఉంది. అడ్వాన్స్‌డ్ లెక్క ఇంటర్ పాసయిన ఏడు నుంచి గాదు, సెకండియర్ పరీక్ష మొట్టమొదటిసారి రాసిన ఏడు నుంచి మొదలైతది. 2023ల రాసి ఫెయిలై, 2024ల పాసయినోడికి గూడ 2023 నుంచే లెక్క.

ఈ గడియారంతోటి పిల్లలు ఎట్ల నలిగిపోతరో 2024ల దేశమంత చూసింది. ఆ ఏడు నవంబర్ 5న అడ్వాన్స్‌డ్‌కు మూడు ఛాన్సులు ఇస్తున్నం అన్నరు. నవంబర్ 18న కాదు రెండే అన్నరు. ఈ పదమూడు దినాల నడుమ మూడో ఛాన్సు నమ్ముకొని చేరిన కాలేజీ విడిచిపెట్టిన పిల్లలు సుప్రీంకోర్టు దాక పోయిన్రు. అట్ల విడిచిపెట్టినోళ్ల వరకు రాయనియ్యాలె అని 2025 జనవరిల కోర్టు చెప్పింది. గ్యాప్ తీసుకునే ముందు రూలు ఖాయమైందా లేదా చూసుకోవాలె అనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం వద్దు.

అంటే రాష్ట్రం సీట్లకు పోయెటోళ్లకు గ్యాప్ అడ్డం గాదు. మరి సీట్లెందుకు పోతున్నయి? లోకల్ లెక్క కాడ పోతున్నయి.

నాలుగేండ్ల లెక్క ఎక్కడి నుంచి మొదలైతది

రాష్ట్రంల కన్వీనర్ సీట్లల్ల 85 శాతం లోకల్ పిల్లలకు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. ఇది రాజ్యాంగం 371డి కింద 1974ల వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు సంది నడుస్తున్న పద్ధతి. లోకల్ అంటే పుట్టిన ఊరు గాదు, ఆధార్ కార్డు మీది అడ్రసు గాదు. సీటుకు అర్హత ఇచ్చే పరీక్ష ఏదైతే ఉందో, ఆ పరీక్ష రాసిన ఏడుతోటి ముగిసే వరుస నాలుగేండ్లు ఇక్కడ సదివి ఉండాలె. బీటెక్‌కు అర్హత పరీక్ష ఇంటర్. బీఈడీకి అర్హత పరీక్ష డిగ్రీ.

ఈ వాక్యం మల్లొక్కసారి సదువుండ్రి. నాలుగేండ్లు లెక్కపెట్టేది అడ్మిషన్ తీసుకునే దినం నుంచి ఎనుకకు గాదు. అర్హత పరీక్ష నుంచి ఎనుకకు. అర్హత పరీక్ష తర్వాత నువ్వు ఎక్కడున్నవు, ఏం పని చేసినవు అన్నది లోకల్ లెక్కల రానే రాదు. అర్హత పరీక్షకు ముందు నాలుగేండ్లల్ల ఒక్క ఏడు ఖాళీ ఉన్నా లెక్కల వస్తది. జనం మాత్రం దీన్ని ఉల్టా అనుకుంటరు. ఇప్పుడు ఖాళీగున్నోడిని చూసి సీటు రాదంటరు, ఎప్పుడో మధ్యల ఆగి మల్ల సదివినోళ్లను చూసి నీకేం ఫికర్ లేదంటరు.

లెక్క తేటగ కనవడాలంటే ఒక ఇంటిని అనుకుందాం. ఆ ఇంట్ల అక్కా తమ్ముడు. ఇద్దరూ 2025ల అడ్మిషన్‌కు పోతున్నరు.

తమ్ముడు 2022ల ఇంటర్ ఎంపీసీ పాసయిండు. తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు అన్నీ సొంత జిల్లాలనే. ఇంటర్ కాంగనే ఇంట్ల అప్పుల బాధకు భీవండి పోయి మూడేండ్లు సాంచాలు నడిపిండు. 2025ల తిరిగొచ్చి ఎప్‌సెట్ రాసిండు. ఊర్ల అందరు ఏమన్నరు? "మూడేండ్లు మహారాష్ట్రల ఉన్నవు, నువ్విగ లోకల్ గావు" అన్నరు. రూలేమంటది? అర్హత పరీక్ష ఇంటర్, రాసింది 2022ల. అక్కడి నుంచి ఎనుకకు నాలుగు సదువు సంవత్సరాలు 2018-19 నుంచి 2021-22 దాక. నాలుగు ఇక్కడనే. పోరడు పక్కా లోకల్. భీవండిల ఉన్న మూడేండ్లు పరీక్ష తర్వాత వచ్చినయి, లెక్కల లేవు. ఆయనకు మూసుకున్న తలుపు వేరేది. 2022ల పాసయిండు గాబట్టి 2025ల జేఈఈ మెయిన్‌కు అర్హత లేదు, ఎన్ఐటీ ఆశ లేదు. రాష్ట్రం కాలేజీలకు మాత్రం నిన్న ఇంటర్ పాసయినోడు ఎంతో ఆయన గూడ అంతే.

ఇప్పుడు అక్క సంగతి. 2019ల ఇంటర్ పాసయింది. అమ్మకు పాణం బాగలేక, తర్వాత కరోనా వచ్చి, రెండేండ్లు ఇంటి కాడనే ఉన్నది. 2021ల దోస్త్‌ల సీటు తీసుకొని డిగ్రీల చేరి 2024ల పూర్తి చేసింది. ఒక ఏడు ప్రైవేటు బడిల సదువు చెప్పి, 2025ల ఎడ్‌సెట్ రాసింది. ఈ పిల్ల రాష్ట్రం దాటి పోలేదు. అందుకే ఎవ్వలూ ఆమెకు ఫికర్ పెట్టలేదు. కానీ లెక్క కట్టి చూడుండ్రి. బీఈడీకి అర్హత పరీక్ష డిగ్రీ, ఫైనల్ రాసింది 2023-24ల. ఎనుకకు నాలుగేండ్లు అంటే 2023-24, 2022-23, 2021-22, 2020-21. మొదటి మూడింటికి కాలేజీ స్టడీ సర్టిఫికెట్ ఉంది. నాలుగో ఏడు 2020-21 ఖాళీ. ఆ ఏడు ఏ కాలేజీల లేదు, ఏ ప్రిన్సిపాల్ గూడ సర్టిఫికెట్ ఇయ్యడు. వెరిఫికేషన్ల కూసున్న సారు మూడు కాయితాలు చూసి నాలుగోది అడుగుతడు. లేకపోతే ఆమెను నాన్ లోకల్ పెడతడు.

అంటే రాష్ట్రం దాటిన తమ్ముడు లోకల్, ఊరు దాటని అక్క మాత్రం కాయితం లేకుంటే నాన్ లోకల్. ఇది ఇచ్చంత్రం లెక్క కొడుతది గానీ రూలు ప్రకారం సరిగ్గ ఇదే.

ఖాళీ ఏడును నింపే కాయితం

రూలు ఆమెను విడిచిపెట్టలేదు. నాలుగేండ్లల్ల మొత్తంగ గానీ కొంత భాగం గానీ ఏ సంస్థల సదవనోళ్లకు, అర్హత పరీక్ష మొదలైన తేదీకి ముందు నాలుగేండ్లు ఇక్కడ నివాసం ఉంటే చాలు అని అదే ఉత్తర్వుల ఉంది. సదువు లేని కాడ నివాసం నిలవడతది. ఆ నివాసానికి రుజువు తహసీల్దార్ ఇచ్చే రెసిడెన్స్ సర్టిఫికెట్.

పిల్లలు ఎక్కువ తప్పేది ఇక్కడనే. మీసేవకు పోయి రెసిడెన్స్ సర్టిఫికెట్ అడిగితే ఫలానా ఊర్ల ఫలానా ఇంటి నంబర్ల ఉంటున్నరు అని ఒక కాయితం వస్తది. దాని మీద తహసీల్దార్ సంతకం ఉంటది, చూడడానికి అంతా సక్కగనే ఉంటది. కానీ ఎప్పటి నుంచి ఎప్పటి దాక ఉన్నరు అన్నది ఉండదు. అడ్మిషన్‌కు ఆ కాయితం అక్కరకు రాదు. నేడు నువ్వు ఆ ఊర్ల ఉన్నవా అని కౌన్సెలింగ్ అడుగుతలేదు, ఆ నాలుగేండ్లు ఉన్నవా అని అడుగుతున్నది. సర్టిఫికెట్ చేతికి రాంగనే చూడాల్సింది ఒక్కటే, అండ్ల రెండు తేదీలు ఉన్నయా లేవా.

మన అక్క లెక్కల ఆమె డిగ్రీ ఫైనల్ పరీక్షలు 2024 జూన్ల మొదలైనయి అనుకుంటే, సర్టిఫికెట్ల కనీసం 2020 జూన్ నుంచి 2024 జూన్ దాక ఉండాలె. నేనైతే ఏడేండ్లకు తీసుకోమంట. దీనికి రెండు కారణాలు. బడి, కాలేజీ లేకుండ ప్రైవేటుగ సదివినోళ్లను కౌన్సెలింగ్ పుస్తకాలు ఏడేండ్ల నివాసం అడుగుతయి. ఇంకోటి, నాలుగేండ్ల లెక్క ఎక్కడన్న తప్పితే ఉత్తర్వుల ఏడేండ్ల లెక్క ఇంకోటి ఉంది, దానికి గూడ పనికొస్తది. ఈమెకు ఏడేండ్లంటే 2017 నుంచి 2024. ఇంటర్ రెండేండ్లు, ఖాళీ రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు. సరిగ్గ ఏడు. ఒక్క కాయితం అన్నింటికీ సరిపోతది.

దరఖాస్తుతోటి ఇంటర్ మెమో, టీసీ, డిగ్రీ బోనఫైడ్, రేషన్ కార్డు, ఆ ఏండ్లల్ల ఇంటి పేరు మీద వచ్చిన కరెంటు బిల్లు గానీ ఉపాధి హామీ జాబ్ కార్డు గానీ జతపర్చాలె. ఫారంల అవసరం ఏందని అడిగిన కాడ "అడ్మిషన్‌ల లోకల్ రుజువు కోసం, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాక నివాసం" అని తెలుగుల స్పష్టంగ రాయాలె. ఆర్ఐ విచారణకు వచ్చినప్పుడు గూడ అదే మాట చెప్పాలె. రాయకపోతే వాళ్లు అలవాటుగ మామూలు సర్టిఫికెటే ఇస్తరు.

ఒక హద్దు గూడ చెప్పాలె. అక్క ఆ రెండేండ్లు ఇంటి కాడ గాకుండ భీవండిలనే ఉంటే? అప్పుడు ఆ నాలుగేండ్లల్ల ఒక ఏడు రాష్ట్రంల లేదు, సదువూ లేదు. తహసీల్దార్ నిజంగ విచారిస్తే ఆ కాయితం రాదు, అబద్ధం రాపిచ్చుకుంటే రేపు సీటు రద్దయితది. అట్లాంటోళ్లకు మిగిలేది 15 శాతం. దానికి పెట్టిన షరతు వేరే. బయట సదివిన కాలం తీసేసి మొత్తం పదేండ్లు రాష్ట్రంల నివాసం ఉంటే, లేకపోతే అమ్మనో నాయిననో అట్ల పదేండ్లు ఉంటే, పోటీ పడొచ్చు. వరుసగ ఉండాలె అని లేదు. సీట్లు తక్కువనే గానీ తలుపైతే మూసిలేదు.

నీట్ పిల్లలకు గూడ ఈ లెక్కనే. ఇంటర్ ఇక్కడ సదివి, అయినంక విజయవాడల ఏడాది లాంగ్ టర్మ్ తీసుకున్నోళ్లకు ఫరక్ పడదు. ఇంటర్ రెండేండ్లే పక్క రాష్ట్రంల సదివినోళ్లకు ఫరక్ పడతది. తెలంగాణ మెడికల్ సీట్లల్ల నాలుగేండ్ల రూలు మీద పెద్ద కొట్లాటే నడిచింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ రూలు చెల్లుతదని తీర్పు ఇచ్చింది. కోచింగ్ బాగుంటదని ఇంటర్‌కే పిల్లలను రాష్ట్రం దాటించే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి ముందే ఆలోచించుకోవాలె.

గ్యాప్ సర్టిఫికెట్ ఎందుకు అడుగుతరు

ఇగ గ్యాప్ సర్టిఫికెట్ అనే మాట. ఇది లోకల్ కాయితం గాదు, రెండు కలిపి చూడొద్దు. కాలేజీ అడిగేది ఏందంటే, ఈ నడుమల నువ్వు ఇంకెక్కడన్న చేరినవా, అక్కడ టీసీ తీసుకోకుండ వచ్చినవా అని. దానికి జవాబుగ నువ్వు ఇచ్చే వాంగ్మూలమే గ్యాప్ సర్టిఫికెట్. స్టాంప్ పేపర్ మీద రాసి నోటరీ దగ్గర సంతకం పెడితే అఫిడవిట్ అయితది. కొన్ని కాలేజీలు అదే చాలంటయి. ఇంకొన్ని తహసీల్దార్ ఇచ్చిన స్టడీ గ్యాప్ సర్టిఫికెట్ కావాలె అంటయి. ఏది కావాలెనో కాలేజీల ముందే అడిగి, మీసేవల విచారించి పోతే రెండుసార్లు తిరుగుడు తప్పుతది.

అఫిడవిట్ల రాయాల్సింది పెద్దగ ఏం లేదు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు. ఆఖరుకు పాసయిన పరీక్ష, హాల్ టికెట్ నంబర్, నెల, సంవత్సరం. ఏ నెల నుంచి ఏ నెల దాక సదువు లేదో. ఆ కాలంల ఏం చేసిన్రో, వ్యవసాయమో కూలి పనో ఇంట్ల రోగుల సేవో, ఒక్క ముక్కల. ఆ నడుమ వేరే ఏ కోర్సుల చేరలేదు అన్న మాట. కారణం పెద్దగ కనవడాలె అని అబద్ధపు జబ్బులు రాసేటోళ్లున్నరు. అక్కర లేదు. కూలి పని చేసిన అని రాస్తే ఎవ్వలూ సీటు ఆపరు.

ఆపేది ఆ ఆఖరు మాట. "వేరే ఏ కోర్సుల చేరలేదు" అన్నది నిజమా కాదా?

మన పిల్లల్ల శానా మంది గ్యాప్ అసలు గ్యాపే గాదు. ఇంటర్ అయినంక దోస్త్‌ల ఏదో ఒక డిగ్రీ సీటు తీసుకుంటరు, కాలేజీకి రిపోర్ట్ చేస్తరు, నాలుగు నెలలు పోతరు, బంద్ జేస్తరు. రెండేండ్లకు మల్ల ఇంకో కాలేజీకి పోయి నేను ఖాళీగున్న అని రాస్తరు. కానీ ఒరిజినల్ టీసీ ఆ మొదటి కాలేజీల ఉంటది. దోస్త్‌ల పేరు ఉంటది. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టి ఉంటే ఈపాస్‌ల పది హాల్ టికెట్ నంబర్ తోటే రికార్డు ఉంటది. కొత్త కాలేజీల స్కాలర్‌షిప్ ఫారం నింపెటప్పుడు పాత దరఖాస్తు బయట పడతది. అప్పుడు గ్యాప్ అఫిడవిట్ అబద్ధమని తేలుతది. సీటూ ఆగుతది, ఫీజూ ఆగుతది.

దాయవలసిన అవసరమే లేదు. ఒక కోర్సు నడుమల విడిచిపెట్టుడు నేరం గాదు. పాత కాలేజీకి పోయి డిస్‌కంటిన్యూ అయిన అని రాసిచ్చి టీసీ తీసుకోవాలె, చదివిన ఆ కొన్ని నెలలకో ఏడాదికో స్టడీ సర్టిఫికెట్ గూడ తీసుకోవాలె. ఈ రెండో కాయితం సంగతి ఎవ్వలూ చెప్పరు. నువ్వు ఏడాది సదివి విడిచిన కాలేజీ ఇక్కడిదే అయితే, ఆ ఏడు లోకల్ లెక్కల సదువు కింద పనికొస్తది. సిగ్గువడి దాసుకున్న ఏడే నీ ఖాళీని నింపొచ్చు.

పాత కాలేజీ మిగిలిన ఏండ్ల ఫీజు కట్టు, లేకపోతే సర్టిఫికెట్లు ఇయ్య అంటే? ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లనే నోటిఫికేషన్ ఇచ్చింది. వెరిఫికేషన్ అయినంక వెంటనే తిరిగి ఇయ్యాలె. నోటితోటి అడిగితే పంపిస్తరు. రాతపూర్వకంగ దరఖాస్తు ఇచ్చి, ఒక కాపీ మీద ముద్ర ఏపిచ్చుకోవాలె. ముద్ర ఎయ్యకుంటే రిజిస్టర్డ్ పోస్టుల పంపాలె. ఆ రసీదు పట్టుకొని యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు పెడితే కాలేజీ గొంతు మారుతది. ఈ పని జూన్ల గాదు, జనవరిలనే మొదలువెట్టాలె. కౌన్సెలింగ్ స్లాట్ పొద్దు నిలవడి టీసీ కోసం కొట్లాడితే గెలిచేది కాలేజీయే.

స్కాలర్‌షిప్ కాడ ఇంకో గీత

సీటు వచ్చినంక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇక్కడ గ్యాప్ కంటే, గ్యాప్‌కు ముందు ఏం సదివినవు అన్నదే చూస్తరు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రూలు ఏందంటే, ఒక స్థాయి సదువు పాసయినోళ్లు మల్ల అదే స్థాయిల ఇంకో కోర్సు చేస్తే పైసలు రావు. బీకాం పాసయి, రెండేండ్లు ఖాళీగుండి, మల్ల బీఏల చేరితే సీటు దొరకొచ్చు గానీ స్కాలర్‌షిప్ దొరకదు. మన ఊర్లల్ల డిగ్రీ అయినంక పోటీ పరీక్షలకు సదువుకుంట పట్నంల హాస్టల్ కోసమని ఇంకో కోర్సుల చేరెటోళ్లు ఇది చూసుకోవాలె. సీటుకు వయసు హద్దు లేకున్నా స్కాలర్‌షిప్‌కు వయసు హద్దు ఉంటది. ఎక్కువ ఏండ్లు ఆగినోళ్లు ఆ ఏడు నోటిఫికేషన్ల తమ కేటగిరీకి ఎంత రాసి ఉందో చూసుకొని చేరాలె.

గ్యాప్ పిల్లలు ఎక్కువ జారేది ఇంకో చిన్న దాని మీద, ఇన్‌కం సర్టిఫికెట్. ఇంటర్ అప్పుడు తీసుకున్నదే ఫైల్ల పెట్టుకొని వస్తరు. కౌన్సెలింగ్ వాళ్లు ఆ ఏడు జనవరి 1 తర్వాత ఇచ్చింది అడుగుతరు. కుల సర్టిఫికెట్ పాతదైనా నడుస్తది గానీ ఆదాయం కాయితం కొత్తదే కావాలె.

అడగాల్సింది ఎవరిని

ఇన్ని కాయితాల సంగతి చెప్పినంక ఒక మాట అడగాలె. ఈ భారం ఎవరి మీద పడుతున్నది? పట్నంల కార్పొరేట్ కాలేజీల లాంగ్ టర్మ్ తీసుకునే పిల్లకు గ్యాప్ ఇంటర్ తర్వాత వస్తది. నాయిన కట్టిన ఫీజు రసీదే ఆమెకు రుజువు. లోకల్ లెక్కల ఆ ఏడు రాదు. ఇంట్ల ముసలోళ్లను చూసుకునే ఆడపిల్ల, పెండ్లయి మల్ల సదువుకుంటున్న చెల్లె, పది అయినంక రెండేండ్లు పత్తి ఏరి ఇంటర్ల చేరిన తమ్ముడు, వీళ్ల గ్యాప్ మాత్రం సదువు నడుమల వస్తది. అదే నాలుగేండ్ల లెక్కల పడతది. వీళ్ల దగ్గరనే ఏ రసీదూ ఉండదు. ఇంట్ల పని చేసినందుకు ఎవలు సర్టిఫికెట్ ఇస్తరు?

రూలు రాసినోళ్లు వీళ్లను మర్సిపోలేదు, నివాసం దారి పెట్టిన్రు. ఆ దారిని మర్సిపోయింది కౌన్సెలింగ్ నోటిఫికేషన్లు రాసెటోళ్లు. స్టడీ సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచి కావాలె అని పెద్ద అక్షరాలతోటి రాస్తరు. నడుమల ఖాళీ ఉంటే ఏ కాయితం, ఏ తేదీల నుంచి ఏ తేదీల దాక, ఎవరిస్తరు అన్నది ఆఖరు పేజీల ఇంగ్లీషుల ఒక్క లైను. ఆ లైను తెలుగుల, ఒక ఉదాహరణతోటి రాయాలె అని అడుగుడు పెద్ద కోరిక గాదు. మీసేవల రెసిడెన్స్ సర్టిఫికెట్ ఫారంల "నుంచి – దాక" అని రెండు గడులు తప్పనిసరి చెయ్యమనుడు గూడ పెద్ద కోరిక గాదు. ఈ రెండూ పైస ఖర్చు లేని పనులు. ఉన్నత విద్యామండలికి, కలెక్టర్ ప్రజావాణిల మన మండలాల నుంచి ఈ రెండు కోరికలే దరఖాస్తులు పోవాలె.

అవి అయ్యే దాక, గ్యాప్ ఉన్న తమ్ముళ్లు చెల్లెండ్లు ఒక తెల్లకాయితం తీసుకోండ్రి. మీకు అర్హత ఇచ్చే పరీక్ష రాసిన ఏడు కింద రాయుండ్రి. అక్కడి నుంచి పైకి ఏడు గీతలు గీసి, ఒక్కొక్క ఏడు ఎదురుంగ ఎక్కడ సదివిన్రో రాయుండ్రి. ఖాళీ ఉన్న గీత కనవడితే అది తహసీల్దార్ ఆఫీసుకు పోవాల్సిన గీత. ఏ గీత ఖాళీ లేకపోతే, ఆ పరీక్ష తర్వాత మీరు ఎన్నేండ్లు ఆగినా లోకల్ లెక్కల ఎవ్వలూ అడగరు.